నదిలో పడవ విహారానికి ముందు సూచనలు ఎలా చెప్పాలి, అంగీకార పత్రం ఎలా రాయాలి?

హైదరాబాద్ నుంచి వారాంతంలో కృష్ణా తీరంలోని రిసార్టుకు వెళ్లినవారికి గది తాళంతో పాటే పడవ విహారం అంగీకార పత్రాన్ని కూడా ఇచ్చి, అక్కడికక్కడే సంతకం తీసుకోవడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. అప్పటికి అతిథి పడవనూ చూడలేదు, నీటినీ చూడలేదు. అటువంటి సంతకాన్ని అంగీకారం అనలేము. కాబట్టి నిర్వాహకులు ముందు మార్చవలసింది క్రమం: రేవు దగ్గర సూచనలు చెప్పి, లైఫ్ జాకెట్ తొడిగి, సందేహాలు తీర్చి, ఆ తరువాతే సంతకం అడగాలి.

సూచనలను ఆనాటి నది స్థితితో మొదలుపెట్టాలి. గాలి ఎలా ఉంది, ప్రవాహం ఎంత వేగంగా ఉంది, ఎగువన ఆనకట్ట ఉంటే నీరు వదిలే సమాచారం ఏమైనా వచ్చిందా అన్నవి మొదటి మాటలు కావాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో కొట్టుకుపోయిన 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు పడవలో లేరు, ఈత కొట్టలేదు. లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా రావడంతో ఒడ్డు దగ్గరే చిక్కుకున్నారు. అందువల్ల ఆనకట్టకు దిగువన ఉన్న రిసార్టులో, నీటిమట్టం పెరుగుతున్నా సైరన్ వినిపించినా ఫొటోలు ఆపి గట్టుపైకి ఎక్కాలన్న సూచనను, పడవ ఎక్కని అతిథులకు కూడా చెప్పాలి.

లైఫ్ జాకెట్ విషయంలో చెప్పడం చాలదు, చేసి చూడాలి. పట్టీలన్నీ బిగించాక సిబ్బంది జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగాలి. అది గడ్డం, చెవుల వరకు జరిగితే వదులుగా ఉన్నట్టే, నీటిలో అది మనిషిని వదిలి పైకి తేలిపోతుంది. పిల్లలకు పెద్దల జాకెట్ ఎంత బిగించినా సరిపోదు. లోపలి చీటీ మీద రాసిన బరువును చూసి ఇవ్వాలి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదైతే మరింత మంచిది. ఉక్కపోస్తోందని నది మధ్యలో జాకెట్ విప్పేవారు ఉంటారు కనుక, విప్పితే పడవ వెంటనే ఒడ్డుకు తిరుగుతుందని ముందే స్పష్టం చేయాలి. ఫొటో కోసం అందరూ ఒకే వైపుకు జరగకూడదు. పడవ తిరగబడితే, అది తేలుతున్నంతసేపు దాన్నే పట్టుకొని ఉండాలి. ప్రవాహంలో ఒంటరిగా కొట్టుకుపోతుంటే వెల్లకిలా తేలుతూ పాదాలను దిగువ వైపు ఉంచాలి, వేగమైన నీటిలో నిలబడేందుకు ప్రయత్నించకూడదు, ఎందుకంటే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే నీరు మనిషిని ముంచేస్తుంది.

ఆరోగ్యం గురించి “ఏమైనా సమస్యలున్నాయా?” అని అడిగితే “లేవు” అనే జవాబే వస్తుంది. గుండె జబ్బు, ఫిట్స్, ఉబ్బసం, గర్భం, ఇటీవలి ఆపరేషన్, ఆ రోజు తీసుకున్న మద్యం అని పేరుపేరునా అడగాలి, అదీ పక్కకు పిలిచి అడగాలి. అత్తమామల ఎదుట తన గర్భం గురించి చెప్పడానికి ఇష్టపడని కోడలు పడవ ఎక్కడానికే సిద్ధపడుతుంది.

అంగీకార పత్రంలోని మాటలు ఈ తీరులో ఉండవచ్చు:

“నేను ఎక్కబోయేది ఇంజను పడవ, విహారం సుమారు 40 నిమిషాలు. పడవ తిరగబడటం, నీటిలో పడటం, జారి గాయపడటం జరగవచ్చని రేవు దగ్గర నాకు తెలుగులో వివరించారు. లైఫ్ జాకెట్ తొడిగి సరిచూశారు. నా ఆరోగ్యం గురించి నేను చెప్పినది నిజం. పడవ కదిలేలోపు ఎప్పుడైనా మానుకోవచ్చని, మానుకుంటే టికెట్ సొమ్ము మొత్తం తిరిగి ఇస్తారని తెలిపారు. ఇవన్నీ తెలిసి నా ఇష్టపూర్వకంగా ఎక్కుతున్నాను.”

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది సొమ్ము తిరిగి ఇచ్చే వాక్యమని నా అభిప్రాయం. డబ్బు పోతుందన్న భయం ఉంటే జబ్బునూ దాస్తారు, తాగిన సంగతినీ దాస్తారు. “ఏమి జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు” అనే వాక్యాన్ని మాత్రం నమ్ముకోకూడదు. చిరిగిన జాకెట్ ఇచ్చి, పరిమితికి మించి ఎక్కించి ఆ వాక్యం వెనుక దాక్కోవడం కష్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయమైన ఒప్పంద షరతులను చెల్లవని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు ఉంది.

ఉదాహరణకు, కూకట్‌పల్లి నుంచి ఏడుగురు వచ్చారనుకుందాం. అందులో ఉబ్బసం ఉన్న అమ్మమ్మ, భోజనంలో బీరు తాగిన బావమరిది, తల్లిదండ్రులు లేకుండా బాబాయితో వచ్చిన తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. అమ్మమ్మ ఇన్‌హేలర్ గదిలో ఉందంటే, అది తెచ్చేవరకు పడవ ఆగాలి. “ఒక్క బీరే కదండీ” అన్న బావమరిదికి “ఈ పూట కుదరదండీ, మీ టికెట్ సొమ్ము ఇదిగో” అని చెప్పి అక్కడితో ముగించాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఒప్పందం చేసుకునే అర్హత లేదు కనుక బాబు సంతకం పనికిరాదు, బాబాయి సంతకంతోనూ సరిపెట్టకూడదు; తల్లికో తండ్రికో ఫోన్ చేసి అవే సూచనలు చదివి వినిపించి, వారి అంగీకారాన్ని వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోవాలి. అది వచ్చేలోపు పడవ బయలుదేరవలసి వస్తే బాబు ఒడ్డునే ఉంటాడు, అతనితో ఒక పెద్దవారు కూడా ఉండాలి. చివరికి ఎక్కినవారి పేర్లు రాసిన జాబితా ఒకటి ఒడ్డున ఉన్న సిబ్బంది చేతిలో ఉండాలి, పడవ తిరిగి వచ్చాక దాన్నిబట్టే తలలు లెక్కపెట్టాలి.