స్మాష్‌కు ముందు: నడుము తిరగకుండా చేతిని విసరకండి

గత వారం విజయవాడలో మేము తెల్లవారుజామున ఆడుకునే కోర్టులో, నలభై దాటిన ఒక మిత్రుడు తల వెనక్కి దాటిపోయిన షటిల్‌ను స్మాష్ చేయబోయి, రాకెట్ వదిలేసి భుజం పట్టుకుని కూలబడ్డారు. జబ్బ కీలును పట్టి ఉంచే రొటేటర్ కఫ్‌లో ఒక స్నాయువు కొంత మేర చిరిగిందని స్కానింగ్‌లో తేలింది. వేసవి సెలవులకు, నెలల తరబడి రాకెట్ ముట్టనివారు మళ్లీ కోర్టుకు వచ్చే రోజులివి. వార్మప్, బూట్ల సంగతి అందరికీ తెలిసినదే కనుక వదిలేస్తున్నాను.

భుజాలు పాడైనవారిలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒక్కటే: నడుము తిరగకముందే చేయి బయలుదేరడం. కుడిచేతి ఆటగాడు పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందుగా వెనుక కాలు నేలను తన్నాలి, దాని వెంట తుంటి, ఆపై ఛాతీ నెట్ వైపు తిరగాలి. అంతసేపూ మోచేయి వెనుకనే ఉండిపోవాలి. ఛాతీ తిరుగుడు నెమ్మదించే క్షణంలో ఆ వేగం జబ్బకు అందుతుంది, మోచేయి పైకి లేస్తూ ముందుకు వస్తుంది, ఆ తర్వాతే పైచేయి లోపలికి మెలితిరుగుతుంది. టెన్నిస్ ఓవర్‌హెడ్‌కూ ఇదే వరుస వర్తిస్తుంది. నడుము ఆలస్యమైతే, కాళ్లూ మొండెమూ ఇవ్వవలసిన వేగాన్ని భుజం తానొక్కటే పుట్టించాలి. షటిల్‌ను తాకాక దూసుకుపోయే చేతిని ఆపే పని కూడా భుజం వెనుక ఉండే రొటేటర్ కఫ్ చిన్న కండరాలపై పడుతుంది.

"మణికట్టు కొట్టు" అని కోర్టు పక్కనుంచి అరవడం మనకు అలవాటు. మణికట్టు విదిలింపుగా కంటికి కనిపించేదానిలో అధిక భాగం నిజానికి పైచేయి, ముంజేయి మెలితిరగడమే. మణికట్టు ఆ వేగాన్ని చివర్లో అందుకుంటుంది. పిడికిలి మొదటినుంచీ బిగించి ఉంటే ముంజేయి తిరగదు, కనుక షటిల్ తాకే క్షణంలోనే వేళ్లు బిగించాలి.

పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయించుకోండి. మోచేయి ముందుకు కదలడం మొదలైన ఫ్రేమ్ దగ్గర ఆపి చొక్కా గుండీల వరుసను చూడండి. అది అప్పటికే నెట్ వైపు మళ్లి ఉంటే సరే. ఇంకా పక్క గీత వైపే ఉంటే మీరు చేత్తోనే కొడుతున్నారు.

షటిల్ తల వెనక్కి పోతే స్మాష్ కొట్టవద్దు, ప్రత్యర్థి వెనుక గీత వైపు ఎత్తుగా పంపి క్లియర్ చేయండి. అక్కడ నడుము తిరిగే వీలుండదు, చేయి ఒక్కటే మిగులుతుంది. ఎడమచేతిని పైకెత్తి షటిల్ వైపు చాచండి, పక్కకు తిరగడం దానంతటదే వస్తుంది. మోచేయిని భుజం ఎత్తుకు దిగువకు జారనివ్వకండి. అలసిపోయాక స్మాష్ ఆపండి: కాళ్లు మొరాయిస్తే నడుము ఆలస్యమవుతుంది, నడుము ఆలస్యమైతే చేయి ముందు బయలుదేరుతుంది. చేతిని పక్కనుంచి పైకెత్తేటప్పుడు మధ్యలో నొప్పి పుడుతున్నా, రాత్రి ఆ పక్కకు ఒరిగితే నిద్ర పట్టకున్నా ఆడకండి. నొప్పి మాత్ర వేసుకుని కోర్టులో దిగకండి. ఆర్థోపెడిక్ వైద్యుడికి చూపించండి.