మూడు అక్షరాలతో తొమ్మిది గళ్ళు నింపడం ఎలా?

అడ్డంగా మూడు మాటలు, నిలువుగా కూడా అవే మూడు మాటలు రావాలి. ఇచ్చినవి మూడు అక్షరాలే:

జ – –
– ల –
– – నం

ముందు గళ్ళలో అంకెలు వేసుకోండి. మొదటి వరుస రెండో గడి, రెండో వరుస మొదటి గడి ఒకటే అక్షరం కావాలి. రెండింటికీ 1 వేయండి. అలాగే మొదటి వరుస చివరి గడి, మూడో వరుస మొదటి గడి 2. మిగిలిన రెండూ 3. ఇక వెతకాల్సినవి ఆరు కావు, మూడే. గడికి ఒక పూర్తి అక్షరం: న వేరు, నం వేరు. తొందరలో చాలామంది తడబడేది ఇక్కడే.

ఇప్పుడు 2 దగ్గర మొదలుపెట్టండి. మొదటి మాట ఆ అక్షరంతో ముగియాలి, మూడో మాట దానితోనే మొదలవ్వాలి. ఈ షరతుకు నిలవని మాటలే ఎక్కువ. ‘జలధి’ అనుకుంటే మూడో మాట ధితో మొదలై నంతో ముగియాలి, అలాంటిది తట్టదు. ‘జగడం’ అంటే డంతో మొదలవ్వాలి, అదీ కుదరదు. అందుకే మొదటి వరుసలో సున్నతో ముగిసే మాటను నేనైతే చివరికి గానీ ముట్టుకోను.

‘జనక’ కాస్త ఆశపెడుతుంది. కతో కదనం, కథనం, కవనం ఉన్నాయి. కానీ అప్పుడు రెండో వరుస నలద, నలథ, నలవ అవుతుంది. వాడుకలో ఉన్న మాట ఒక్కటీ లేదు, కొట్టేయండి.

‘జలజ’ పెట్టి చూడండి. 1 ల, 2 జ. మూడో వరుస జ – నం: జననం. అంటే 3 న. రెండో వరుస దానంతట అదే లలన అయింది.

జ ల జ
ల ల న
జ న నం

అయిపోయిందని పెన్ను పక్కన పెట్టకండి. జనప, నలత, పతనం కూడా ఈ గళ్ళలో అచ్చంగా సరిపోతాయి! ‘జనప’ను జనపనారలో వింటాం గానీ విడిగా వాడేది తక్కువ కాబట్టి నా ఓటు మొదటిదానికే. అయినా ఇది పూరించేవారి లోపం కాదు. ఐమూలగా ఉన్న గడి ఒక్క మాటకే చెందుతుంది కనుక అక్కడి అక్షరాలు ఇవ్వడం సబబే. వాటితోపాటు ‘రెండో వరుస: స్త్రీ’ అని ఒక్క ఆధారం ఇస్తే సందేహమే ఉండేది కాదు.

నాలుగు గళ్ళ చదరంలోనూ దారి ఇదే. పదహారు గళ్ళున్నా, ఐమూలవి కలిపి కూడా వేర్వేరుగా తేల్చాల్సిన అక్షరాలు పదే. అడ్డం మాటలు, నిలువు మాటలు వేర్వేరుగా ఉండే రకంలో మాత్రం ఈ అంకెల జతలు పనిచేయవు; అక్కడ ఒక్కో గడిని రెండు వేర్వేరు మాటలతో సరిచూసుకోవాలి.