మీ అంచనా పిల్లల మార్కుల్లోకి ఎలా చేరుతోందో పట్టుకోవడం ఎలా?

1964లో కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో మనస్తత్వవేత్త రాబర్ట్ రోసెంథాల్, ఆ బడి ప్రిన్సిపాల్ లెనోర్ జాకబ్సన్ పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. ఈ ఏడాది బాగా ఎదుగుతారంటూ కొందరి పేర్లు టీచర్లకు ఇచ్చారు. నిజానికి ఆ పేర్లు లాటరీ తీసినట్టు ఎంచినవే. ఏడాది తిరిగేసరికి 1, 2 తరగతుల్లో వాళ్ల ఐక్యూ మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగింది. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. దీనికే పిగ్మేలియన్ ఎఫెక్ట్ అని పేరు. ఆ పరీక్ష చిన్నపిల్లలకు తగదన్న విమర్శలూ వచ్చాయి, కాబట్టి దీన్ని మంత్రం అనుకోవద్దు.

మనసులోని అంచనా బయటికి వచ్చే దారుల్లో తేలిగ్గా కొలవగలిగేది ఒకటుంది: ప్రశ్న అడిగాక మనం ఆగే సమయం.

1. ముందుగా ఒక కాగితం మీద మీరు బాగా చదువుతారనుకునే ఐదుగురి పేర్లు, కష్టమే అనుకునే ఐదుగురి పేర్లు రాసి దాచండి. మొహమాటం వద్దు, ఎవరికీ చూపించేది కాదు.

2. ఒక పీరియడ్ మొత్తం ఫోన్‌లో ఆడియో రికార్డు చేయండి. బడిలో అనుమతి తీసుకోండి, విన్నాక తీసేయండి.

3. వింటూ ప్రతి ప్రశ్నకూ మూడు విషయాలు రాయండి: ఎవరిని అడిగారు, ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు తప్పితే ఏమన్నారు. ఉదాహరణకు, మూడు బై నాలుగులో సగం ఎంత అని అడిగారనుకుందాం. మొదటి జాబితాలోని అమ్మాయి తడబడితే “బొమ్మ గీసి చూడమ్మా” అంటాం. రెండో జాబితాలోని అబ్బాయి తడబడితే “సరే కూర్చో, రమ్యా నువ్వు చెప్పు” అంటాం. ఆ అబ్బాయి పరువు కాపాడామనుకుంటాం కానీ, మూడు బై ఎనిమిది దాకా వెళ్లే దారి అతనికి మూసేశాం. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనల్లో టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగారు, వెనకబడ్డ పిల్లల దగ్గర ఇంకా తక్కువ.

4. రేపటి నుంచి అందరికీ కనీసం మూడు సెకన్లు ఆగండి. మనసులో లెక్కపెట్టుకోండి, మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. జవాబు రాకపోతే ఒక చిన్న సూచన ఇచ్చి మళ్లీ అతన్నే అడగండి. తప్పు జవాబుకు మాత్రం “వెరీ గుడ్” అనొద్దు. ఇంతకంటే ఆశించడం లేదని పిల్లలు దాన్నిబట్టే గ్రహిస్తారు.

5. కొత్త క్లాసు తీసుకుంటే మొదటి రెండు వారాలు పాత మార్కులు చూడకండి. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన పరిశోధకుడు స్టీఫెన్ రాడెన్‌బుష్ 1984లో తేల్చింది ఇదే: పిల్లలతో రెండు వారాలకు మించి పరిచయమున్న టీచర్ల మీద బయటి మాట దాదాపు పనిచేయలేదు.

ఆఫీసులోనూ ఇదే పద్ధతి. రికార్డింగ్ బదులు గత నెల కష్టమైన పని ఎవరికిచ్చారు, తప్పు జరిగినప్పుడు ఎవరికి కారణం వివరించారు, ఎవరి పని మీరే సరిచేసేశారు అన్నది రాసుకోండి.

నెల తర్వాత మళ్లీ రికార్డు చేయండి. రెండో జాబితా పిల్లల నుంచి “తెలీదు సార్”లు తగ్గి, ఒక్క మాట జవాబులు వాక్యాలవుతుంటే పద్ధతి పనిచేస్తోంది. ఆగే సమయం పెరిగినా జవాబులు మారకపోతే, సమస్య పాత పాఠాల్లోనే ఎక్కడో ఉండొచ్చు. అప్పుడు కిందటి తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టాలి.