మందుల ట్రయల్‌లో సంతకం పెట్టే ముందు

కొత్త మందును మనుషులపై పరీక్షించే ట్రయల్‌లో చేరమని డాక్టర్ అంటే, కాగితాలు ఇంటికి తెచ్చుకుని ఇవి చూడండి.

• హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారో రాసి ఉందా? మన దేశంలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్‌పై వచ్చిన 2019 నిబంధనల ప్రకారం అది మీ హక్కు. నామినీ గడి ఖాళీగా వదలొద్దు. మా నాన్న ఫారంలో నర్సు ఆ గడి దాటేసి పేజీ తిప్పేసింది, నేనే వెనక్కి తిప్పి అమ్మ పేరు రాయించాను. ట్రయల్ వల్ల ప్రాణం పోతే పరిహారానికి చూసేది ఆ పేరే.

• మీకు ప్లాసిబో, అంటే మందు లేని మాత్ర, పడే అవకాశం ఉందా? అలా పడితే ఇప్పుడు వాడుతున్న మందులు ఆపాలా?

• ఎప్పుడైనా మానుకోవచ్చు, మామూలు వైద్యం ఆగదు. కానీ చెప్పకుండా మాత్రలు ఆపొద్దు, కొన్నింటిని మెల్లగా తగ్గించాలి.

• మానేసినా, అప్పటిదాకా తీసుకున్న వివరాలు వాడుకోవచ్చు. మిగిలిన రక్తం దాచి మరో పరిశోధనకు వాడతారా అని అడగండి.

• సంతకమైన కాపీ, ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు తీసుకునే రండి.