పదాల అర్థాలు మారే తీరు – మూడో పాఠం: కంపు ఒకప్పుడు కమ్మనిదే

మొదటి పాఠంలో నూనెను చూశాం. నువ్వుల నెయ్యి అనే అర్థంతో పుట్టి, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె దాకా వ్యాపించింది. రెండో పాఠంలో చీర. ఎవరు కట్టినా చీరే అయిన బట్ట చివరకు ఆడవారి కట్టుగా కుదించుకుపోయింది. ఈసారి మంచి అర్థం చెడ్డదిగా దిగజారడం. దీన్ని అర్థాపకర్ష అంటారు. ఉదాహరణకు ఒకే మాట తీసుకుందాం: కంపు.

ఇప్పుడు ఎవరైనా 'కంపు' అంటే ముక్కు మూసుకుంటాం. పాత కావ్యాల్లో మాత్రం పూలకూ కర్పూరానికీ కంపు ఉంటుంది, అది చదివిన కొత్త పాఠకుడు కవి ఎగతాళి చేస్తున్నాడనుకుంటాడు. కవి ఎగతాళి చేయలేదు, మాటే ఆ తర్వాత దిగజారింది.

ఆ సంగతి ఎలా తెలుస్తుంది? పక్కింటి భాషను అడగాలి. కన్నడంలో కంపు అంటే నేటికీ సువాసనే. అయితే ఇక్కడ తొందరపడకూడదు. రెండు భాషల్లో అర్థాలు వేరైతే మారింది ఏది? మనదా, కన్నడమా? ఒక్క సాక్షితో తీర్పు చెప్పలేం. తమిళంలో 'కమళ్' అంటే పరిమళించడం. తెలుగులోనే ఈ కుటుంబానికి చెందిన 'కమ్మని' అనే మాట ఇంకా రుచికీ వాసనకీ మెప్పుగానే నిలిచి ఉంది. ముగ్గురు సాక్షులు ఒకవైపు, నేటి కంపు ఒక్కటే మరోవైపు. కాబట్టి మారింది మన కంపే. సొంత భాషలోని చుట్టపు మాటలు అన్నిటికంటే నమ్మకమైన సాక్షులు, వాటిని ముందు వెతకండి.

ఇది తెలుగుకే వచ్చిన ఇబ్బంది కాదు. ధనుర్మాసంలో తిరుప్పావై వినేవారికి పదో పాశురంలోని 'నాట్రత్తుళాయ్ ముడి నారాయణన్' గుర్తుండే ఉంటుంది. అక్కడ నాట్రం తులసి పరిమళం. నేటి తమిళుడు అదే మాటను దుర్వాసనకు వాడతాడు.

వాసనను చెప్పే మాటలే ఎందుకిలా జారుతున్నాయి? మామూలు వాసన గురించి ఎవరూ మాట్లాడరు. ఏదో తేడా వచ్చినప్పుడే నోరు విప్పుతాం. అదీ మర్యాదగా, మెత్తగా. నిన్న మా ఇంట్లో పెరుగు గిన్నె మూత తీసి 'వాసన వస్తోంది' అన్నారు. మంచిదో చెడ్డదో చెప్పలేదు, అయినా గిన్నె నేరుగా తొట్టెకు వెళ్లింది. పెద్దలకు అది సంస్కారంతో మెత్తగా చెప్పిన మాట. పక్కన నిలబడి వింటున్న పిల్లవాడికి మాత్రం చెడిపోవడమే ఆ మాట అర్థం. వాడు పెద్దయ్యాక తన పిల్లలకు దాన్నే ఇస్తాడు. తరం మారినప్పుడు అర్థం మారడమంటే ఇదే: మొదట సందర్భం మోసిన భావాన్ని తర్వాత మాటే మోయాల్సి వస్తుంది.

అంటే కంపు దిగిన మెట్టు మీదకు ఇప్పుడు 'వాసన' అడుగు పెడుతోంది. పూల వాసన, ఇంగువ వాసన అన్నప్పుడు ఇంకా నిలదొక్కుకుంటుంది కానీ, విశేషణం లేకుండా ఒంటరిగా వదిలితే చెడు వైపే ఒరుగుతుంది. ఇప్పటికే కొందరు మర్యాద కోసం 'స్మెల్' అంటున్నారు. దాని గతి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక 'తావి' ఎందుకు చెడలేదు? బంగారానికి తావి అబ్బినట్లు అంటాం కానీ, వంటింట్లో పెరుగు పులిస్తే తావి అని ఎవరూ అనరు. ఫిర్యాదులకు వాడని మాటకు ఆ మరక అంటదు. గంధం మరో దారి పట్టింది: దుర్గంధం, సుగంధం అనే సమాసాల్లో పాత తటస్థార్థం అలాగే ఉంది కానీ, ఒంటరిగా గంధం అంటే సాన మీద తీసేదే గుర్తొస్తుంది. అర్థం కుదించుకుపోవడమే ఇక్కడ మాటను కాపాడింది. సమాసాలు పాత అర్థాలను దాచే అటకలు, వెతికేటప్పుడు వాటినీ తెరిచి చూడండి.

ఇప్పుడు అభ్యాసం. 'కైంకర్యం' తీసుకోండి. ఆలయంలో విన్న వాక్యాలు మూడు, బయట విన్నవి మూడు రాయండి. రెండు చోట్లా అర్థం ఎంత దూరమైందో చూడండి. తర్వాత, సేవ నుంచి కాజేయడం దాకా ఈ మాటను తీసుకెళ్లగల ఒక మధ్య వాక్యాన్ని మీరే ఊహించి రాయండి: విన్నవారికి రెండు అర్థాలూ కుదిరేలా ఉండాలి. ఎగతాళిగా అన్నదైతే మరీ మంచిది.

వచ్చే పాఠంలో ఎదురు ప్రయాణం: సంస్కృతంలో జూదశాల నడిపే 'సభికుడు' మన సభల్లో మర్యాదగా ముందు వరుసలో ఎలా కూర్చున్నాడో చూద్దాం.