లెమన్ పై మీద నురగ నీరు కారుతోందా? పాకం పట్టి చూడండి

మా భీమవరం ఉక్కలో లెమన్ పై మీద తెల్లసొన నురగ, అదే మెరింగ్ వేస్తే, సాయంత్రానికల్లా కింద నీరు ఊరి నురగ పక్కకి జారిపోయేది. పంచదార నేరుగా కాకుండా పాకం పట్టి పోశాక ఆ గొడవ చాలావరకు తగ్గింది.

రెండు గుడ్ల తెల్లసొనకి 120 గ్రాముల పంచదార, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు. పాకం చుక్క చన్నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, అరిసెలకి చూసినట్టే. థర్మామీటరుంటే 118 డిగ్రీలు. ఈలోగా సొనని మెత్తగా నిలబడేదాకా గిలక్కొట్టి ఉంచండి. బీటర్ తిరుగుతుండగానే మరిగే పాకాన్ని గిన్నె అంచు వెంట సన్నని ధారగా పోసి, గిన్నె చల్లారేదాకా కొట్టండి. బీటర్ తీగల మీద పడితే పాకం చిమ్మి గిన్నెకే అతుక్కుంటుంది.

బటర్‌క్రీమ్‌కీ ఇదే. పూర్తిగా చల్లారాకే 150 గ్రాముల మెత్తటి వెన్న కొంచెం కొంచెంగా కలపండి.

కరకరలాడే మెరింగ్ కుకీలకి మాత్రం పాకం దండగ. అదే కొలతలో పంచదార పొడిని చెంచా చెంచాగా సొనలో వేసి కొట్టి, 100 డిగ్రీల్లో గంటన్నర ఆరనిస్తే గుల్లగా వస్తాయి. చల్లారగానే డబ్బాలో పెట్టేయండి, ఇక్కడి గాలికి గంటలో మెత్తబడతాయి.

పాకం ముదిరి గట్టి ఉండ కట్టిందంటే సొనలో పోయకండి, పలుకులు పలుకులుగా తగులుతుంది. రెండు చెంచాల నీళ్లు పోసి మళ్లీ మరిగించుకోవచ్చు.