ఆన్‌సైట్‌లో పలకరింపు ఎక్కడ తేడా కొడుతోంది: సమస్య - పరిష్కారం

బెంగళూరు నుంచి జర్మనీకి ఆన్‌సైట్ వెళ్లిన మనవాళ్లు మొదటి వారంలో చేసే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. పని గురించి ఒక్క ముక్కా ఉండదు. "అన్నా, వీళ్లకి మనమంటే పడదేమో" అని మొదలవుతుంది. ఏం జరిగిందిరా అని అడిగితే ఒకరు పలకరించలేదని, ఒకరు మాట్లాడుతూ వెనక్కి పోయారని, ఒకరు చెయ్యి చాపితే పట్టుకోలేదని చెబుతారు. నిజంగా పడనివాళ్లు ఎక్కడైనా ఉంటారు, కాదనను. కానీ ఈ మూడింటికీ మామూలుగా వేరే కారణాలు ఉంటాయి. వెళ్లేముందు అందరూ షేక్‌హ్యాండ్ ఒక్కటీ నేర్చుకుంటారు. తేడా వచ్చేది దానికి ముందు ఐదు సెకన్లలో, ఆ తర్వాత పది సెకన్లలో.

స్టుట్‌గార్ట్, మ్యూనిక్ వైపు ఆఫీసుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అదే ఫ్లోర్‌లో వేరే దేశాలవాళ్లూ కూర్చుంటారు కాబట్టి, అవసరమైన చోట వాళ్ల సంగతీ చెబుతాను.

సమస్య: వారమైంది, పొద్దున ఒక్కరూ పలకరించరు

కారణం చాలా చిన్నది. అక్కడ గదిలోకి వచ్చినవాళ్లే ముందు పలకరించాలి. కూర్చుని ఉన్నవాళ్లు బదులిస్తారు. హోదాతో సంబంధం లేదు. మేనేజర్ వచ్చినా ఆయనే ముందు చెబుతాడు, ఇంటర్న్ వచ్చినా అంతే. మనకేమో మారతహళ్లి టెక్ పార్కులో చెవుల్లో ఇయర్‌ఫోన్లతో లిఫ్ట్ ఎక్కి, పక్కవాడి మొహం చూడకుండా ఫోన్ చూసుకుంటూ సీటు దాకా పోయే అలవాటు. లాగిన్ అయ్యాక పెద్దాయన వస్తే లేచి "గుడ్ మార్నింగ్ సర్" అంటాం. అక్కడ కూడా ఇలాగే నోరు మెదపకుండా సీట్లో కూర్చుంటే, ఈయనకి ఇవాళ మనసు బాగోలేదేమో, కదిలించడం ఎందుకు అనుకుని ఊరుకుంటారు. మీరు వాళ్ల కోసం, వాళ్లు మీ కోసం ఎదురుచూస్తూ వారం గడిచిపోతుంది.

పరిష్కారం: గుమ్మం దాటగానే గది మొత్తానికి వినపడేలా ఒక్కసారి "మోర్గెన్" అనండి. "గూటెన్ మోర్గెన్"కి అది పొట్టి రూపం. సీటు సీటుకీ వెళ్లి చెప్పక్కర్లేదు. లిఫ్ట్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లున్నా ఇంతే. మ్యూనిక్ వైపు పెద్దవయసువాళ్లు "గ్ర్యూస్ గాట్" అంటారు, మీరూ అదే తిరిగి చెప్పొచ్చు. మధ్యాహ్నం వరండాలో ఎదురైనవాళ్లు "మాల్‌త్సైట్" అంటే, అది భోజనానికి పిలుపు కాదు, ఆ వేళ పలకరింపు. తిరిగి "మాల్‌త్సైట్" అంటే సరిపోతుంది. సాయంత్రం బ్యాగు తగిలించుకుని చప్పుడు చేయకుండా జారుకోవద్దు. "ట్ష్యూస్" అని చెప్పే బయల్దేరండి. చెప్పకుండా వెళ్లేవాళ్లను అక్కడ బాగానే గుర్తుపెట్టుకుంటారు.

సమస్య: చెయ్యి కలిపాక ఏదో ఇబ్బందిగా ఉంది

మనం గౌరవం అనుకుని చేసేవే ఇక్కడ ఎదురుతిరుగుతాయి. పెద్దవాళ్ల చేతిని గట్టిగా పట్టుకోవడం మర్యాద కాదని మెత్తగా వేళ్లు అందిస్తాం. కళ్లలోకి చూడటం పొగరని తల కొంచెం దించుతాం. ఇంకా ఆప్యాయత ఎక్కువైతే ఎడమ చెయ్యి కూడా పైన వేస్తాం, మాట పూర్తయ్యేదాకా వదలం. మెత్తని చెయ్యి, దించిన చూపు చూసి, ఈయనకి మనల్ని కలవడం ఇష్టం లేదేమో అని వాళ్లు అనుకుంటారు. ఎడమ చెయ్యి పైన పడితే, ఇంత చనువెందుకో వాళ్లకి అర్థం కాదు.

పట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం సులువు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే చర్మం అవతలివాళ్ల అదే చోటుకి తగలాలి. వేళ్లు మాత్రమే వాళ్ల గుప్పిట్లో ఉంటే చెయ్యి సగంలోనే ఆగిపోయినట్టు. తగిలాక తలుపు పిడి తిప్పేంత బలం చాలు. ఒకటి రెండు ఊపులు, రెండు సెకన్లు, అంతసేపూ కళ్లలోకి చూపు, పేరు చెప్పి వదిలేయడం. కూర్చుని ఉంటే లేవండి. రెండో చెయ్యి జేబులో ఉండకూడదు, దాన్ని వాళ్లు పట్టించుకుంటారు.

ముందు చెయ్యి ఎవరు చాపాలన్న దానికీ పద్ధతి ఉంది. నోటితో మీరు ముందు పలకరించినా, చెయ్యి మాత్రం హోదాలో పెద్దవాళ్లు గానీ, మిమ్మల్ని ఆహ్వానించినవాళ్లు గానీ చాపనివ్వండి. నలుగురు నిలబడి ఉంటే ఒక్కరికే ఇచ్చి ఆగకూడదు. మొదలుపెడితే నలుగురికీ ఇవ్వాలి. కరోనా తర్వాత రోజూ చేతులు కలపడం చాలా టీముల్లో తగ్గింది. తొలిసారి కలిసినప్పుడు, బయటివాళ్లు మీటింగుకి వచ్చినప్పుడు ఇంకా ఉంది.

సమస్య: మాట్లాడుతుంటే ఆయన వెనక్కి వెనక్కి పోతున్నాడు

ఎక్కువ ఫోన్లు దీని గురించే వస్తాయి, ఎక్కువ అపార్థం కూడా ఇక్కడే. మా టీములో అనంతపురం కుర్రాడు ఒకడు స్టుట్‌గార్ట్ దగ్గర ఆఫీసుకి వెళ్లాడు. కాఫీ మెషీన్ దగ్గర అక్కడి సెక్షన్ హెడ్‌తో మాట మొదలైంది. ముగిసేసరికి ఇద్దరూ వరండా చివర ప్రింటర్ దగ్గర తేలారు.

"నేనేం తప్పు మాట్లాడలేదన్నా. టెస్టింగ్ షెడ్యూల్ గురించే అడిగినా."

"ముందు ఎవరు కదిలినారు?"

"మెషీన్ చప్పుడుకి ఆయన మాట వినపడల్యా. కొంచెం దగ్గరికి పోయినా. ఆయన జరిగినాడు. మళ్లీ వినపడల్యా..."

జరిగింది ఇదే. వినడానికి వీడు అర అడుగు ముందుకు, ఊపిరాడక ఆయన అర అడుగు వెనక్కి. ఇద్దరికీ తాము కదులుతున్నామన్న సంగతే తెలియదు. వీడికి ఆయన తప్పించుకుంటున్నాడని అనిపించింది. ఆయనకి వీడు మీదమీదకి వస్తున్నాడని అనిపించి ఉంటుంది.

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో ఈ దూరాలకు కొలతలు పెట్టాడు. 45 సెంటీమీటర్ల లోపు ఇంట్లోవాళ్లకి, అక్కడి నుంచి 120 వరకు తెలిసినవాళ్లకి, ఆపైన పని మీద మాట్లాడేవాళ్లకి. అవి ముఖ్యంగా అమెరికా ఈశాన్య ప్రాంతపు మధ్యతరగతివాళ్లను చూసి రాసినవి, కాబట్టి ప్రపంచమంతటికీ వర్తించవు. అయినా అంచనాకి పనికొస్తాయి. మెజెస్టిక్‌లో బస్సెక్కేవాళ్లకి 45 సెంటీమీటర్లంటే ఖాళీ జాగా కిందే లెక్క.

పరిష్కారం బెంగళూరులోనే సాధన చేయొచ్చు. మన ఆఫీసుల్లో నేలమీద పరిచే టైల్స్ చాలాచోట్ల రెండడుగుల చదరాలు, అంటే 60 సెంటీమీటర్లు. ప్యాంట్రీలో ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఇద్దరి బూటు కొనల మధ్య టైలున్నర ఖాళీ ఉంచండి. మొదట్లో పోట్లాడుకున్నవాళ్లలా అనిపిస్తుంది. రెండు మూడు రోజులకి కళ్లకి అలవాటవుతుంది. అక్కడికి వెళ్లాక టైల్స్ బదులు కార్పెట్ ఉండొచ్చు, అప్పుడు కొలత షేక్‌హ్యాండే. మోచెయ్యి కొంచెం వంచి చెయ్యి కలిపినప్పుడు ఎక్కడ నిలబడ్డారో, వదిలాక కూడా పాదాలు అక్కడే ఉండాలి. మనవాళ్లు చెయ్యి వదలగానే ఒక అడుగు ముందుకేస్తారు. నేను ముందు చెప్పిన పది సెకన్లు ఇవే.

వినపడకపోతే ముందుకు జరగకుండా "మెషీన్ పక్కనుంచి అటు పోదామా" అని ఇద్దరూ కదిలేలా అడగండి. ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి తిరిగి నిలబడితే అదే దూరం ఇద్దరికీ తేలిగ్గా ఉంటుంది. ఆయన ఒకసారి వెనక్కి జరిగితే, ఆ ఖాళీ ఆయనకి కావలసిందని వదిలేయండి. మా కుర్రాడికి చెప్పింది ఇంతే. తర్వాతి వారం ఆ సెక్షన్ హెడ్ కాఫీ మెషీన్ దగ్గరే కదలకుండా నిలబడి మొత్తం షెడ్యూల్ మాట్లాడాడట.

అదే ఫ్లోర్‌లో ఇటలీ నుంచో బ్రెజిల్ నుంచో వచ్చినవాళ్లుంటే కథ తిరగబడొచ్చు. వాళ్లు దగ్గరగా నిలబడి, మాట మధ్యలో మోచేతిని తాకుతారు. జర్మన్ కొలత నేర్చుకున్న ఉత్సాహంలో వాళ్ల నుంచి మీరు వెనక్కి జరగొద్దు.

సమస్య: మాట కలుపుదామంటే తేడాగా చూస్తున్నారు

"తిన్నారా?", "ఎక్కడికి?" అని అడగడం మనకి పలకరింపు. జవాబు ఎవరికీ అక్కర్లేదు. జర్మన్ సహోద్యోగిని డెస్క్ దగ్గర "లంచ్ అయిందా" అని అడిగితే, భోజనానికి పిలుస్తున్నారనుకుని టైమ్ చూసుకుంటాడు. "హౌ ఆర్ యూ" అంటే నిలబడి నిజంగానే నడుంనొప్పి సంగతి చెప్పొచ్చు. వినే తీరిక ఉంటేనే అడగండి, లేకపోతే "హలో" చాలు. అమెరికావాళ్లతో దీనికి తలకిందులు, వాళ్ల "హౌ ఆర్ యూ"కి "గుడ్, యూ?" అని నడుస్తూనే బదులిచ్చేయాలి.

పేర్ల దగ్గర మనకో ప్రత్యేకమైన చిక్కుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరుంటుంది, బ్యాడ్జి మీద అదే ఎక్కుతుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ పిలవని ఇంటిపేరుకి జర్మన్ "మిస్టర్" తగిలించి "హెర్ బొమ్మిరెడ్డి" అని వెనకనుంచి పిలిస్తే మనవాడు తిరిగి చూడడు. పొగరనుకుంటారు. చెయ్యి కలిపేటప్పుడు మీకు కావలసిన ఒక్క పేరు, "కిరణ్" అని నింపాదిగా చెప్పండి. చాట్‌లోనూ మెయిల్ సంతకంలోనూ అదే పెట్టండి. ఇంటిపేరుకి పలకడం కూడా అలవాటు చేసుకోండి.

వాళ్లని "సర్" అనక్కర్లేదు. "మిస్టర్ థామస్" అస్సలు వద్దు, థామస్ అన్నది అసలు పేరు. థామస్ అనైనా అనాలి, లేదా మగవాళ్లకి హెర్, ఆడవాళ్లకి ఫ్రౌ తగిలించి ఇంటిపేరైనా అనాలి. ఇంగ్లిష్‌లో మొదటి పేరుతో పిలిచిన మనిషే జర్మన్‌లోకి మారగానే "మీరు" స్థాయికి వెళ్లొచ్చు. "నువ్వు" అనుకుందామని పెద్దవాళ్లు అనేదాకా ఆగండి.

సమస్య: చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది

అవతలివాళ్లు అరచెయ్యి గుండె మీద పెట్టుకుని చిన్నగా తల వంచితే అదే వాళ్ల పలకరింపు. మతాచారం వల్ల కొందరు ముస్లిం స్త్రీలు పరాయి మగవాళ్లతో, కొందరు ముస్లిం పురుషులు పరాయి ఆడవాళ్లతో చెయ్యి కలపరు. మీ చెయ్యి వెనక్కి తెచ్చి మీ గుండె మీద పెట్టుకుని, నవ్వి మాట మొదలుపెట్టండి. సారీలు చెప్పి సాగదీయొద్దు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్లు చెంపకి చెంప తాకించబోతే మీరూ పెదవులు తగలకుండా అలాగే చేయొచ్చు, అదీ వాళ్లు మొదలుపెట్టినప్పుడే. ఇష్టం లేకపోతే దూరం నుంచే చెయ్యి చాపేయండి, అర్థం చేసుకుంటారు.

చెయ్యి కలపడం ఇష్టం లేని మన ఆడవాళ్లు అవతలి చెయ్యి లేవకముందే నమస్కారం పెట్టాలి. ఇంకా మూడు అడుగులు వేసేంత దూరం ఉండగానే చేతులు జోడించి, కళ్లలోకి చూసి పేరు చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. చెయ్యి లేచాక జోడిస్తే మాత్రం కాదన్నట్టు ఉంటుంది. లేచిపోయిందా, "మా దగ్గర ఇలా" అని ఒక్క మాట కలపండి.